వాలెట్‌లో కనిపించేదంతా చేతికొచ్చే డబ్బు కాదు

2024 సంక్రాంతికి వైజాగ్ వెళ్లే ముందు అమ్మకి ఒక మిక్సీ కొనాలనుకున్నాను. ఇంట్లో ఉన్నదాని జార్ అడుగు అరిగిపోయి, పచ్చడి వేసిన ప్రతిసారీ కింద నుంచి నీళ్లు కారుతున్నాయని అప్పటికి మూడు నెలలుగా చెబుతోంది. నెల మధ్యలో చేతిలో డబ్బు ఆడటం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, డిగ్రీ చదివే రోజుల్లో ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులు చేసి సంపాదించిన బిట్‌కాయిన్ ఫోన్‌లో అలాగే ఉందని.

వాలెట్ తెరిస్తే 87,000 సతోషీలు అని చూపించింది. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సతోషీలు. అప్పటి ధర సుమారు 36 లక్షలు కాబట్టి నా దగ్గరున్నది 3,100 రూపాయల పైచిలుకు. ఎక్స్ఛేంజ్‌కి పంపి అమ్మేద్దామని మొత్తం పంపే బటన్ నొక్కాను. కింద ఫీజు 38,610 సతోషీలు అని వచ్చింది. అంటే దాదాపు 1,390 రూపాయలు. ఏదో తప్పు నొక్కానేమోనని వెనక్కి వచ్చి మళ్లీ చేశాను. అదే అంకె. సరే, కొంచెమే పంపుదామని 3,000 సతోషీలు అని కొట్టి చూశాను. ఆ మూడు వేలు పంపడానికి అంతకంటే ఎక్కువ ఫీజు అడిగింది.

మర్నాడు ఆఫీసులో మా టీమ్‌లో సీనియర్‌కి చూపించాను. ఆయనది కరీంనగర్, అందరం అన్నా అని పిలుస్తాం. ఫోన్ చేతిలోకి తీసుకుని ముందు చరిత్ర పేజీ తెరిచి, ఎన్నిసార్లు డబ్బు వచ్చిందో లెక్కపెట్టాడు. "తమ్మీ, నువ్వు మొత్తం జూస్తున్నవ్. మొత్తం గాదు, ముక్కలు ఎన్ని ఉన్నయో జూడాలె. ఇది చారాణా కోడికి బారాణా మసాలా లెక్క అయితది" అన్నాడు.

ఆ రోజు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. వాలెట్లు చూపించే ఆ ఒక్క మొత్తం అంకె సగం నిజమే. మిగతా సగం కూడా పక్కనే చూపించాలన్నది నా వాదన. అది పెద్ద కష్టమైన పనేమీ కాదని కూడా కింద లెక్కతో చూపిస్తాను.

బిట్‌కాయిన్‌లో బ్యాంకు ఖాతాలాగా ఒక మొత్తం ఎక్కడా రాసి ఉండదు. ఎవరైనా మనకు పంపిన ప్రతిసారీ ఒక ముక్క పుడుతుంది. పాత రోజుల్లో ఆర్టీసీ బస్సులో చిల్లర లేకపోతే కండక్టర్ టికెట్ వెనకాల "4 రూ." అని రాసి సంతకం పెట్టి ఇచ్చేవాడు గుర్తుందా? అలాంటి చీటీలు పన్నెండు జేబులో ఉన్నాయనుకోండి. అన్నీ కలిపితే యాభై రూపాయలు కావచ్చు. కానీ జేబులో ఉన్నది యాభై నోటు కాదు, పన్నెండు చీటీలు. చీటీలో సగం చింపి ఇవ్వడం కుదరదు. మొత్తం చీటీ అప్పగించాలి, మిగిలితే దానికి ఇంకో కొత్త చీటీ రాయించుకోవాలి. బిట్‌కాయిన్‌లో జరిగేది అచ్చంగా ఇదే. సాంకేతికంగా ఆ చీటీని UTXO అంటారు.

నా దగ్గరున్న 87,000 అలాంటి పన్నెండు ముక్కలు. తొమ్మిది ముక్కలు ఒక్కోటి 3,000 సతోషీలు. మిగతా మూడు ఒక్కోటి 20,000.

ఇప్పుడు ఫీజు సంగతి. బిట్‌కాయిన్ ఫీజుకి మనం పంపే మొత్తంతో ఏ సంబంధమూ లేదు. కోటి రూపాయలు పంపినా వంద రూపాయలు పంపినా, లావాదేవీలు నమోదయ్యే బ్లాక్‌లో అది ఎంత చోటు తింటుందన్నదే లెక్క. సగటున పది నిమిషాలకొక బ్లాక్ వస్తుంది, అందులో చోటు పరిమితం. ఆ చోటుని వర్చువల్ బైట్లలో కొలుస్తారు, ఒక్కో వర్చువల్ బైట్‌కి ఎన్ని సతోషీలు ఇస్తామో అది రేటు. తెర మీద `sat/vB` అని కనిపించేది అదే. ఆ బ్లాకులు తయారుచేసేవాళ్లని మైనర్లు అంటారు, ఎక్కువ రేటు ఇచ్చినవాళ్లని వాళ్లు ముందు ఎక్కించుకుంటారు.

ముక్కలు ఎన్ని ఖర్చు పెడితే అంత చోటు కావాలి, ఎందుకంటే ప్రతి ముక్కకీ విడిగా రుజువు చూపించాలి. ఆ ముక్క ఏ పాత లావాదేవీలో పుట్టిందో చెప్పే గుర్తు, దాని మీద మన సంతకం, ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ, ఇవన్నీ ముక్కకొక సెట్టు చొప్పున లావాదేవీలో కూర్చోవాలి. `bc1q`తో మొదలయ్యే మామూలు అడ్రస్ అయితే ఒక్కో ముక్కకి సుమారు 68 వర్చువల్ బైట్లు. `1`తో మొదలయ్యే పాత రకం అయితే 148. ముక్క విలువ మూడు వేలైనా మూడు కోట్లైనా ఆ రుజువు సైజు మారదు.

నేను అమ్మబోయిన రోజు రేటు 45 ఉంది. అన్న ఒక కాగితం తీసుకుని రాసిన లెక్క ఇది:

```
ఒక ముక్క ఖర్చు:  68 × 45  = 3060
ముక్క విలువ:                3000
తేడా:                       -60
```

నా మూడు వేల ముక్క ప్రతి ఒక్కటీ తనని తాను మోసుకెళ్లడానికే 3,060 అడుగుతోంది. తను తెచ్చేదానికంటే అరవై ఎక్కువ. అలాంటివి తొమ్మిది.

అప్పుడు ఆయన రెండు లెక్కలు పక్కపక్కన వేశాడు. పన్నెండు ముక్కలూ కలిపి పంపితే 858 వర్చువల్ బైట్లు, ఫీజు 38,610, చేతికొచ్చేది 48,390. అదే మూడు పెద్ద ముక్కలు మాత్రమే పంపితే 246 వర్చువల్ బైట్లు, ఫీజు 11,070, చేతికొచ్చేది 48,930. నేను రెండోసారి చదివాను. ఇరవై ఏడు వేల సతోషీలు ఇంట్లోనే ఉంచుకుని పంపితే, అవి కూడా కలిపి పంపినదానికంటే 540 ఎక్కువ వస్తున్నాయి! నా వాలెట్‌లో ఆ బటన్ నొక్కి ఉంటే తొమ్మిది ముక్కలూ పోవడమే కాకుండా, వాటిని పోగొట్టుకున్నందుకు ఎదురు డబ్బు కట్టి ఉండేవాణ్ణి. వాలెట్ ఆ మాట ఎక్కడా చెప్పలేదు.

ఇలా తన ఖర్చు తను భరించలేని ముక్కని డస్ట్ అంటారు, ధూళి అని. బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక స్థిరమైన గీత ఉంది. `bc1q` అడ్రస్‌కి 294 సతోషీలు, `1`తో మొదలయ్యే అడ్రస్‌కి 546. అంతకంటే తక్కువ పంపబోతే నోడ్లు, అంటే నెట్‌వర్క్‌ని నడిపే కంప్యూటర్లు, దాన్ని ముందుకి పంపవు. మనం ఎవరికైనా చెల్లించాక తిరిగి రావలసిన చిల్లర ఆ గీతకి దిగువన ఉంటే, వాలెట్లు ఆ చిల్లరని మామూలుగా ఫీజులో కలిపేస్తాయి. కానీ ఆ గీత గీసింది వర్చువల్ బైట్‌కి 3 సతోషీల రేటు ఊహించుకుని. రేటు 45కి వెళ్తే అసలు గీత మూడు వేలు దాటిపోతుంది. కాబట్టి నా ముక్కలు ఏ రోజూ నిబంధన ప్రకారం ధూళి కాదు. ఆ జనవరిలో మాత్రం నిజంగా ధూళే.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది, నేనూ పడ్డాను. "బిట్‌కాయిన్ ధర పెరిగితే ఈ చిల్లర కూడా విలువైనదవుతుంది, అప్పుడు పంపుకోవచ్చు" అనుకుంటాం. అవ్వదు. ఫీజు రూపాయల్లో కాదు, సతోషీల్లోనే కడతాం. నా మూడు వేల ముక్క విలువ 108 రూపాయల నుంచి 250 రూపాయలకి పెరిగిందనుకోండి, రేటు 45 దగ్గరే ఉంటే దాన్ని కదిలించడానికి అయ్యే 3,060 సతోషీల విలువ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అరవై సతోషీల లోటు అలాగే ఉంటుంది. ధర చూసి ఎదురుచూడటం వృథా. చూడాల్సింది ఆ `sat/vB` ఒక్కటే. పైగా ధర పరుగెత్తే రోజుల్లో అందరూ ఒకేసారి లావాదేవీలు చేస్తారు కాబట్టి రేటు కూడా తరచుగా పెరుగుతుంది.

ఆ రేటు ఎంత దూరం వెళ్లగలదో అదే సంవత్సరం ఏప్రిల్‌లో చూశాను. 2024 ఏప్రిల్ 20న 840000వ బ్లాక్ దగ్గర హాల్వింగ్ జరిగింది. మైనర్లకి కొత్తగా వచ్చే బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకి తగ్గింది. సరిగ్గా అదే బ్లాక్‌లో రూన్స్ అనే కొత్త టోకెన్ల పద్ధతి మొదలైంది. ముందుగా తమ టోకెన్ ఎక్కించుకోవాలని జనం ఎగబడ్డారు. ఆ ఒక్క బ్లాక్‌లో జనం కట్టిన ఫీజులే 37 బిట్‌కాయిన్లు దాటాయి. రేటు 300 దగ్గర ఉంటే ఒక ముక్క ఖర్చు 20,400. అంటే నా పెద్ద ముక్కలు, ఆ ఇరవై వేలవి కూడా, ధూళి అయిపోయేవి. జనవరిలో 48,930 చేతికిచ్చే వాలెట్ ఆ రేటు దగ్గర సున్నా ఇచ్చేది. తెర మీద మాత్రం 87,000 అనే ఉండేది.

అందుకే అడుగుతున్నాను, ఆ అంకె పక్కన ఇంకో అంకె ఎందుకు లేదు? "ఈ రోజు రేటుకి పంపగలిగేది" అని ఒక చిన్న వరుస. నా విషయంలో ఆ రోజు 87,000 పక్కన 48,930 అని. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన గణితం కాదు. బిట్‌కాయిన్ కోర్ ఏ ముక్కలు ఖర్చు పెట్టాలో ఎంచుకునేటప్పుడు ప్రతి ముక్క విలువలోంచి దాని ఖర్చు తీసేసి చూస్తుంది. దాన్ని ఎఫెక్టివ్ వాల్యూ అంటారు. అందులో మొత్తం పంపే `sendall` ఆదేశానికి `send_max` అని ఒక ఎంపిక కూడా ఉంది. అది పెడితే తన ఖర్చు తను మోయగలిగిన ముక్కలనే తీసుకుంటుంది. నేను కాగితం మీద చూసిన రెండో లెక్క అది. లెక్క సాఫ్ట్‌వేర్ లోపల జరుగుతూనే ఉంది, మనిషికి చూపించడం లేదంతే.

దీనికి ఒక జవాబు నాకు ఎదురైంది. రేటు గంట గంటకీ మారుతుంది, ఆ అంకె కూడా ఊగుతూ ఉంటే కొత్తవాళ్లకి టెన్షన్ పెరుగుతుందని. నిజమే, ఊగుతుంది. కానీ అదే వాలెట్ మన సతోషీల రూపాయి విలువని నిమిషానికోసారి మార్చి చూపిస్తూనే ఉంది కదా! ధర ఊగడం చూపించవచ్చు, ఖర్చు ఊగడం చూపించకూడదు అంటే నేను ఒప్పుకోను. డబ్బు ఉందనుకుని ఇంట్లో మాట ఇచ్చి, తీరా పంపబోయే క్షణంలో లేదని తెలియడం కంటే ముందే ఊగే అంకె చూడటం నయం.

ఇంకొకటి, ఈ చిన్న ముక్కలని పుట్టించేవాళ్ల బాధ్యత. నాకు డబ్బులిచ్చిన ఆ సైట్ 3,000 సతోషీలు అవగానే ఆటోమేటిక్‌గా అడ్రస్‌కి పంపేసేది. అప్పట్లో అది సదుపాయమనే అనుకున్నాను. కానీ లెక్క చూడండి. వాళ్లు ఒకే లావాదేవీలో వందల మందికి పంపుతారు. అందులో నా వాటా ఒక కొత్త చీటీ రాయడం మాత్రమే, దానికి 31 వర్చువల్ బైట్లు. అదే చీటీ నేను ఖర్చు పెట్టాలంటే 68. పంపేవాడికి అయ్యేదానికి రెట్టింపు కంటే ఎక్కువ, పుచ్చుకున్నవాడికి అవుతుంది. అందుకే చిన్న ముక్కలు పంపేవాళ్లకి ఆ నొప్పి తెలియదు. ఎంత పోగయ్యాక పంపాలో ఎంచుకునే వీలు పుచ్చుకునేవాళ్లకే ఇవ్వాలి. లేదా అంత చిన్న మొత్తాలు లైట్నింగ్ అనే చిన్న చెల్లింపుల నెట్‌వర్క్ మీద పంపాలి, అక్కడ మూడు వేలు పెద్ద మొత్తమే.

ఎక్స్ఛేంజ్ యాప్‌లో మిగిలిపోయే చిల్లర సంగతి వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. యాప్‌లో కొని, యాప్‌లోనే ఉంచిన 40 రూపాయల బిట్‌కాయిన్‌కి ఆ బ్లాకుల చెయిన్ మీద విడిగా ముక్కంటూ ఏదీ లేదు. అది ఆ కంపెనీ పుస్తకంలో ఒక వరుస. దాన్ని రూపాయల్లోకి మార్చడానికి ఏ మైనర్‌కీ ఫీజు కట్టనక్కర్లేదు. కాబట్టి "కనీస మొత్తం కంటే తక్కువ ఉంది, అమ్మలేరు" అని యాప్ చెబితే అది నెట్‌వర్క్ పరిమితి కాదు, వాళ్లు పెట్టుకున్న నిబంధన. అక్కడ మనం అడగవచ్చు, అడగాలి కూడా. నా ముక్కల విషయంలో మాత్రం అడగడానికి అవతల ఎవరూ లేరు.

పన్ను గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అందులో కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ తీసేసుకోనివ్వరు. కొన్నదాన్ని అమ్మే దారిలో నెట్‌వర్క్ ఫీజుగా పోయిన డబ్బు మనకి రాకపోయినా లెక్కలోంచి తగ్గదు.

ఇక నేనేం చేశానో చెబుతాను. నా ఫోన్ వాలెట్‌లో ముక్కలు ఎంచుకునే వీలే లేదు. అందుకని దాని పన్నెండు మాటల రికవరీ పదాలతో లాప్‌టాప్‌లో స్పారో వాలెట్‌లో తెరిచాను. ఆ పదాలు కొత్తచోట టైపు చేయడం చిన్న విషయం కాదు, సాఫ్ట్‌వేర్ అసలు సైట్ నుంచే దించుకుని, సంతకం సరిచూసి చేశాను. అందులో `UTXOs` అని ఒక పేజీ ఉంటుంది. అక్కడ మొదటిసారి నా డబ్బు నాకు కనిపించింది, పన్నెండు వరుసలుగా. మూడు పెద్దవి ఎంచుకుని `Send Selected` నొక్కాను. వచ్చిన డబ్బు 1,760 రూపాయలు. మిగతాది అక్క వేసింది, అమ్మకి మిక్సీ వచ్చింది.

కొన్నాళ్ల తర్వాత ఆ పేజీలోనే కొత్త వరుస ఒకటి కనిపించింది, అంతకుముందు లేనిది. 600 సతోషీలు, ఎవరు పంపారో తెలియదు. ఇలా తెలియని చోటు నుంచి ధూళి పంపేవాళ్లు ఉన్నారు. మనం దాన్ని మిగతా ముక్కలతో కలిపి ఖర్చు పెడితే, ఆ అడ్రస్‌లన్నీ ఒకే మనిషివని బయటికి తెలిసిపోతుంది. వాళ్లకి కావలసింది ఆ సమాచారమే. దాని మీద రైట్ క్లిక్ చేసి `Freeze UTXO` పెట్టాను. ఇప్పటికీ అలాగే ఉంది.

తొమ్మిది చిన్న ముక్కలకి ఏడాది పైన ఆగాను. వారానికి రెండుసార్లు, ఎక్కువగా ఆదివారం పొద్దున, `mempool.space` తెరిచి రేటు చూసేవాణ్ణి. వారాంతాల్లో రద్దీ తక్కువ. 2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం రేటు 2 దగ్గర ఉంది. తొమ్మిదీ ఎంచుకుని నా సొంత కొత్త అడ్రస్‌కే పంపుకున్నాను. 654 వర్చువల్ బైట్లు, ఫీజు 1,308. మిగిలింది 25,692, ఒకే ఒక్క ముక్కగా. అదే తొమ్మిదింటికి ఆ జనవరి రేటు ప్రకారం 29,430 అయ్యేది, ఉన్నదే 27,000. ఇలా కలిపేటప్పుడు ఆ తొమ్మిది అడ్రస్‌లూ ఒకరివేనని చూసేవాళ్లకి తెలుస్తుంది, అది ఒప్పుకునే చేశాను. అన్నీ ఒకే సైట్ నుంచి వచ్చినవి కాబట్టి నాకు పెద్ద నష్టం అనిపించలేదు.

ఇప్పుడు మా పిన్ని కొడుకు అలాంటి పనులే చేస్తున్నాడు. వాడి సైట్‌లో ఎంత అయ్యాక పంపాలో మార్చుకునే వీలుంది, కానీ మొదట పెట్టి ఉండేది 3,000. మొన్న ఇంటికొచ్చినప్పుడు దాన్ని యాభై వేలకి మార్చమన్నాను. వాడు ఆలోచించి, "అన్నయ్యా, యాభై వేలయ్యేలోపు ఆ సైట్ మూసేస్తే?" అన్నాడు. నిజమే, అక్కడున్నంత కాలం అది వాళ్ల పుస్తకంలో వరుసే. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. ఇరవై వేల ముక్క అయితే రేటు 290 దాటేదాకా తన ఖర్చు తను మోసుకుంటుంది. ఇరవై వేల దగ్గర ఒప్పుకున్నాం. వాడి ఖాతాలో ప్రస్తుతం 11,400 ఉన్నాయి.